పంచదార పోయింది, బరువు పోలేదేం?

నెల్లిమర్ల టీ బడ్డీల దగ్గర ఇప్పుడు తరచూ వినిపించే మాట ఒకటుంది: "పంచదార ఎయ్యకు బాబూ, నాకాడ బిళ్లుంది." జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా బయటికి వస్తుంది. పైన నొక్కితే కంది గింజ కన్నా చిన్న తెల్ల బిళ్ల ఒకటి గ్లాసులో పడుతుంది. ఒకప్పుడు ఇది షుగర్ జబ్బు ఉన్నవాళ్ల అలవాటు. ఇప్పుడు ఆ జబ్బు లేకపోయినా ఒళ్లు తగ్గించుకోవాలనుకునే ముప్పై, నలభై ఏళ్లవాళ్ల జేబుల్లోకీ ఆ డబ్బా చేరింది. మందుల దుకాణంలో షుగర్ ఫ్రీ బిస్కెట్లు కనిపిస్తున్నాయి. విజయనగరం వెళ్తే మిఠాయి కొట్లలో షుగర్ ఫ్రీ బర్ఫీకి వేరే ట్రే ఉంటోంది. రెండు మూడు నెలలు ఇలా గడిచాక చాలామంది అడిగేది ఒకటే: "పంచదార మానీసినాను గదా, ఒళ్లు తగ్గలేదేటి?"

దీనికి ఊళ్లో రెండు జవాబులు తిరుగుతుంటాయి. ఆ బిళ్ల విషమని, దాంతోనే ఒళ్లు పెరుగుతుందని కొందరంటారు. కేలరీలు లేవు కాబట్టి ఎంత వాడినా పర్వాలేదని ఇంకొందరంటారు. నలభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధనలు చూస్తే రెండూ నిలబడవు. కృత్రిమ తీపి తనంతట తాను బరువు తగ్గించదు, పెంచదు. మనం రోజూ తినే పంచదారలో ఎంత భాగాన్ని అది నిజంగా తొలగించింది, తొలగిన కేలరీలు ఇంకో దారిలో తిరిగొచ్చాయా లేదా అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది. ఈ సంగతి మన అలవాట్లకు దగ్గరగా తేల్చి చూపిన పరిశోధన మన పక్కనే, చెన్నైలో జరిగింది.

చెన్నై కాఫీ, టీ కప్పుల్లో తేలింది

మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో డాక్టర్ వి. మోహన్ బృందం టైప్ 2 మధుమేహం ఉన్న భారతీయులపై చేసిన పరిశోధన 2024లో వెలువడింది. అందులో 179 మంది పన్నెండు వారాల పాటు పాల్గొన్నారు. ఒక వర్గం కాఫీ, టీల్లో ఎప్పటిలా పంచదారే వేసుకుంది. రెండో వర్గం ఆ పంచదార బదులు సుక్రలోజ్ వాడింది. సుక్రలోజ్ పంచదార కన్నా దాదాపు 600 రెట్లు తీపి, అందుకే అంత చిన్న బిళ్ల చాలుతుంది. మన బజార్లో దొరికే బిళ్లల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఇదో, ఆస్పర్టేమో.

ఎవరు ఏ వర్గంలో ఉండాలో చీటీ తీసినట్టు నిర్ణయించారు కాబట్టి రెండు వర్గాల మధ్య కనిపించిన తేడాను పంచదార మార్పుకే ఆపాదించవచ్చు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సుక్రలోజ్ వాడిన వర్గంలో బరువు సుమారు 0.3 కిలోలు, నడుము కొలత సుమారు 0.9 సెంటీమీటర్లు తగ్గాయి.

పన్నెండు వారాలకు 300 గ్రాములు. ఇది చదివి నిరాశపడేవాళ్లుంటారు. నాకు మాత్రం ఇందులో నమ్మదగిన లెక్క కనిపించింది. రోజుకు రెండు కప్పులు తాగే మనిషి ఒక్కో కప్పులో చెంచాన్నర పంచదార వేసుకుంటాడని అనుకుందాం. చదునుగా తీసిన ఒక టీ చెంచా పంచదార 4 గ్రాములుంటుంది, అంటే 16 కేలరీలు. మొత్తం మూడు చెంచాలకు 48 కేలరీలు. 84 రోజులకు కలిపితే 4,032 కేలరీలు. ఒక కిలో ఒంటి కొవ్వు తగ్గాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలని పోషకాహార నిపుణులు స్థూలంగా చెప్పే లెక్క. ఆ ప్రకారం ఇక్కడ తగ్గాల్సింది అర కిలో. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా కొంత తగ్గించుకుంటుంది, వేసుకోని పంచదారకు బదులు ఎంతో కొంత వేరే తిండీ పడుతుంది. అవి తీసేస్తే 300 గ్రాములకు దగ్గరగానే వస్తాం. బిళ్ల తన పని తాను చేసింది. తీసేసిన పంచదారే కొంచెం.

ఇప్పుడు ఇదే లెక్కను నెల్లిమర్లకు తెద్దాం. ఇక్కడ బడిలో పని చేసే నలభై అయిదేళ్ల మాస్టారు ఒకరున్నారనుకోండి. పొద్దున్న ఇంట్లో రెండు టీలు, బడిలో రెండు, సాయంత్రం బడ్డీ దగ్గర ఒకటి. కప్పుకు రెండు చెంచాల పంచదార. రోజుకు పది చెంచాలు, 40 గ్రాములు, 160 కేలరీలు. మొత్తం బిళ్లలకు మారి, ఇంకేమీ మార్చకుండా ఉంటే పన్నెండు వారాలకు 13,440 కేలరీల లోటు పడుతుంది. కాగితం మీద ఇది కిలోముప్పావు. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ఇంకా నిదానమైన లెక్క చెప్పింది. రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతాం. అందులో సగం తగ్గడానికి ఏడాది పడుతుంది, మిగతాది తర్వాతి రెండేళ్లలో వస్తుంది. దీని ప్రకారం మాస్టారు ఏడాదికి మూడు కిలోలకు పైగా తగ్గాలి. అయిదు టీలు తాగేవారికి బిళ్ల వల్ల వచ్చే లాభం ఒక టీ తాగేవారికి ఎందుకు రాదో ఇక్కడే తెలిసిపోతుంది. పంచదార లేని కాఫీకే అలవాటు పడ్డ మనిషి బిళ్ల కొనుక్కుంటే తగ్గేది ఏమీ ఉండదు.

మాస్టారి టీలో పాలు అలాగే ఉన్నాయన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. చిక్కటి గేదె పాలు కప్పుకు 50 మిల్లీలీటర్లు పడితే అవే దాదాపు 50 కేలరీలు. పంచదార తీసేసిన టీని కేలరీలు లేని టీ అనుకుని అయిదు కప్పులను ఏడు చేస్తే, అదనపు రెండు కప్పుల పాలు 100 కేలరీలు తెచ్చి పెడతాయి. మిగిలిన 160లో దాదాపు మూడింట రెండు వంతులు అక్కడే పోయాయి. సాయంత్రం టీతో "ఎలాగూ పంచదార లేదు గదా" అని ఒక మిరపకాయ బజ్జీ జోడిస్తే మిగిలిందీ పోతుంది. మాస్టారు మోసపోలేదు, అబద్ధమూ ఆడలేదు. ఆయన పంచదార మానేసిన మాట నిజం. రోజు మొత్తం మీద కేలరీలు తగ్గలేదన్నదీ నిజమే.

ఆకలి మాటేమిటి?

నాలుకకు తీపి తగిలి కడుపుకు కేలరీలు అందకపోతే మెదడు తికమక పడి ఇంకా తినమంటుందన్న అనుమానం ఇప్పటిది కాదు. 1986లో బ్రిటన్ పరిశోధకులు బ్లండెల్, హిల్ ఆస్పర్టేమ్ కలిపిన నీళ్లు తాగాక కొందరు ఆకలి ఎక్కువైందన్నారని లాన్సెట్‌లో రాశారు. అప్పటి నుంచి ఆ మాట జనంలో నిలిచిపోయింది.

దీన్ని పరీక్షించాలంటే ఆకలి వేస్తోందా అని అడిగి ఊరుకుంటే చాలదు, తర్వాత ఎంత తిన్నారో తూచి చూడాలి. 2010లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ఆ పని చేసింది. 31 మందికి మధ్యాహ్న, రాత్రి భోజనాలకు ముందు ఒక చిరుతిండి ఇచ్చారు. ఒక రోజు పంచదారతో చేసినది, 493 కేలరీలు. ఇంకో రెండు రోజుల్లో ఒక రోజు స్టీవియాతో, ఒక రోజు ఆస్పర్టేమ్‌తో చేసినవి, 290 కేలరీలు. తర్వాత భోజనం ఇష్టమొచ్చినంత తినమన్నారు. తక్కువ కేలరీల చిరుతిండి తిన్న రోజు కూడా భోజనంలో ఎక్కువ తినలేదు, కడుపు నిండలేదని చెప్పనూ లేదు. దాంతో రోజు మొత్తం మీద కేలరీలు తగ్గాయి.

2025లో నేచర్ మెటబాలిజం పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకో కోణం చూపింది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్యాథ్లీన్ పేజ్ బృందం 75 మందికి వేర్వేరు రోజుల్లో సుక్రలోజ్ నీళ్లు, పంచదార నీళ్లు, మామూలు నీళ్లు ఇచ్చి మెదడును స్కాన్ చేసింది. ఆకలిని అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగంలో సుక్రలోజ్ తాగాక రక్త ప్రసరణ పెరిగింది. పంచదార తాగినప్పటితో పోలిస్తే ఆకలి ఎక్కువగా ఉందని కూడా చెప్పారు. ఈ వార్త "షుగర్ ఫ్రీతో ఆకలి పెరుగుతుంది" అన్న శీర్షికలతో ఫోన్లన్నీ తిరిగింది. ఆ శీర్షికల్లో రాని ముక్క ఒకటుంది. మామూలు నీళ్లతో పోలిస్తే ఆకలిలో తేడా లేదు. పంచదార నీళ్లు రక్తంలో గ్లూకోజ్‌ను పెంచి మెదడుకు "తిండి అందింది" అని చెబుతాయి. సుక్రలోజ్ ఆ కబురు పంపలేదు, నీళ్లూ పంపలేదు. అంటే బిళ్ల టీ తాగితే ఆకలి తీరదు. టీ పంచదారతో ఆకలి చంపుకుని పొద్దున్న టిఫిన్ ఆలస్యం చేసేవాళ్లు ఇది గమనించాలి. బిళ్లకు మారిన మొదటి రోజుల్లో వాళ్లకు పదకొండు గంటలకే కడుపు కాలవచ్చు. అది బిళ్ల తెచ్చిన కొత్త ఆకలి కాదు. ఇన్నాళ్లూ పంచదార కప్పి పెట్టిన ఆకలే.

ఒక్క పూట స్కాన్ కన్నా నెలల తరబడి జరిగిన ప్రయోగం బలమైనది. నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా శుభ్రంగా చేసినది నెదర్లాండ్స్‌లో జరిగింది, 2012లో ప్రచురించారు. సుమారు అయిదు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసు పిల్లలు 641 మందిని తీసుకున్నారు. రోజుకు 250 మిల్లీలీటర్ల తీపి పానీయం డబ్బా ఒక్కటి, పద్దెనిమిది నెలల పాటు. కొందరి డబ్బాలో పంచదార ఉంది, 104 కేలరీలు. కొందరి డబ్బాలో కృత్రిమ తీపి ఉంది. ఎవరి డబ్బాలో ఏముందో పిల్లలకు తెలియదు, తూకం వేసేవాళ్లకూ తెలియదు. పెరిగే వయసు కాబట్టి అందరి బరువూ పెరిగింది. పంచదార వర్గం సగటున 7.37 కిలోలు, కృత్రిమ తీపి వర్గం 6.35 కిలోలు. తీసేసిన కేలరీల కోసం శరీరం వెతుక్కుని ఇంకో చోట పూర్తిగా తిని ఉంటే ఈ కిలో తేడా రాదు. (పిల్లలకు ఈ పానీయాలు పట్టమని ఈ పరిశోధన చెప్పట్లేదు. కృత్రిమ తీపి ఉన్న పొట్లాల మీద పిల్లలకు తగదని రాయాలని మన దేశ నిబంధనలు చెబుతున్నాయి. పిల్లలకు నీళ్లు, మజ్జిగ చాలు.)

ఆ పిల్లలకు తాము ఏం తాగుతున్నారో తెలియదు. మన మాస్టారికి తెలుసు. తెలిసినప్పుడు ఏమవుతుందన్నది రిచర్డ్ మాటెస్ అనే అమెరికా పరిశోధకుడు 1990లోనే ఒక చిన్న ప్రయోగంలో చూశారు. పొద్దున్న తిన్నదాంట్లో ఆస్పర్టేమ్ ఉందని చెప్పినవాళ్లు ఆ రోజు ఎక్కువ కేలరీలు తిన్నారు. కాబట్టి బజ్జీని తెప్పించేది హైపోథాలమస్ కన్నా ముందు "ఎలాగూ మిగిల్చాను గదా" అన్న ఆలోచనే కావచ్చు. నా అనుభవంలో ఒళ్లు తగ్గించుకునేవాళ్లను ఎక్కువగా దెబ్బ తీసేది ఇదే.

మార్పు ద్రవంలో మొదలుపెట్టడం ఎందుకు మేలో మాటెస్ 2000లో డిమెలియోతో కలిసి చేసిన ఇంకో ప్రయోగం చెబుతుంది. పదిహేను మందికి రోజుకు 450 కేలరీల పంచదార ఇచ్చారు. నాలుగు వారాలు నమిలే మిఠాయిలా, ఇంకో నాలుగు వారాలు సోడాలా. నమిలి తిన్న వారాల్లో వాళ్లు తమకు తెలియకుండానే మిగతా తిండి ఆ మేరకు తగ్గించుకున్నారు. సోడా తాగిన వారాల్లో ఏమీ తగ్గించుకోలేదు, బరువు పెరిగింది. గొంతులోంచి జారిపోయే పంచదారను శరీరం సరిగా లెక్కలోకి తీసుకోదు. కాబట్టి దాన్ని తీసేసినా శరీరం పెద్దగా వెతుక్కోదు. బిళ్లకు తగిన చోటు టీ గ్లాసు, నిమ్మరసం, సోడా. లడ్డూ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది కదా?

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు అదుపు కోసం కృత్రిమ తీపి పదార్థాలు వాడవద్దని సూచించింది. ఆ సలహా మధుమేహం ఉన్నవాళ్లకు వర్తించదని అందులోనే ఉంది. దీన్ని "షరతులతో కూడిన" సూచన అని కూడా చెప్పారు. అంటే సాక్ష్యం గట్టిగా లేదని వాళ్లే ఒప్పుకున్నారు.

వాళ్ల ముందు రెండు రకాల సాక్ష్యాలున్నాయి. మనుషులను రెండు వర్గాలుగా విడదీసి చేసిన ప్రయోగాలన్నీ కలిపితే కృత్రిమ తీపి వాడినవాళ్లు సగటున 0.7 కిలోలు తక్కువ తూగారు. ఎవరినీ మార్చకుండా వేలమంది అలవాట్లు అడిగి ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్లో మాత్రం కృత్రిమ తీపి వాడేవాళ్లలోనే ఊబకాయం ఎక్కువ. రెండూ పరస్పరం పొసగనట్టు కనిపిస్తాయి. నెల్లిమర్ల మందుల కొట్టు ముందు ఒక పూట నిలబడి చూస్తే కారణం కొంత తెలుస్తుంది. ఆ డబ్బా కొనేది ఎవరు? ఒళ్లు పెరుగుతోందని భయపడ్డవాళ్లు, డాక్టరు పంచదార మానమని చెప్పినవాళ్లు. బరువు పెరగడమే వాళ్లను బిళ్ల దగ్గరికి తెచ్చింది. పదేళ్ల తర్వాత లెక్క తీస్తే బిళ్ల వాడినవాళ్లే లావుగా కనిపిస్తారు. పరిశోధకులు దీన్ని సరిదిద్దడానికి ప్రయత్నిస్తారు గానీ పూర్తిగా సరిదిద్దలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్ల తరబడి వాడకం మీద జాగ్రత్త చెప్పింది. బరువు తగ్గే ఆరు నెలల కాలానికి మనం చూడాల్సింది ప్రయోగాలనే అని నా అభిప్రాయం.

నీళ్లతో పోలిస్తే ఎలా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంగ్లండ్‌లో 493 మంది మీద ఏడాది జరిగి 2023లో వచ్చిన ప్రయోగంలో బరువు తగ్గే కార్యక్రమంతో పాటు తీపి డైట్ పానీయాలు తాగినవాళ్లు 7.5 కిలోలు, నీళ్లు తాగినవాళ్లు 6.1 కిలోలు తగ్గారు. దానికి డబ్బు పెట్టింది అమెరికా శీతల పానీయాల తయారీదారుల సంఘం. ఇది మరిచిపోకూడదు. ఇరాన్‌లో జరిగి 2015లో ప్రచురితమైన ఇంకో ప్రయోగంలో మహిళలు భోజనం తర్వాత డైట్ పానీయం బదులు నీళ్లు తాగితే 8.8 కిలోలు, డైట్ పానీయం తాగితే 7.6 కిలోలు తగ్గారు. రెండు చోట్లా తేడా కిలో పైచిలుకే, దిశలు వేరు. రెండు చోట్లా ఎక్కువ బరువు తగ్గించింది మిగతా ఆహార నియమమే. పంచదార లేని టీ తాగగలిగినవాళ్లకు బిళ్ల వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు. తాగలేనివాళ్లకు అది పనికొస్తుంది.

షుగర్ ఫ్రీ బర్ఫీ లెక్క

అసలు నష్టం జరిగేది మిఠాయి ట్రే దగ్గర. ఇక్కడ వంటింటి పని కొంచెం తెలియాలి.

మిఠాయిలో పంచదార తీపి ఒక్కటే ఇవ్వదు, బరువూ ఇస్తుంది, కట్టూ ఇస్తుంది. బర్ఫీ ముక్క నిలబడేది పాకం వల్లే. బిళ్లతో తీగ పాకం రాదు, ముదురు పాకమూ రాదు. మూడు వందల గ్రాముల పంచదారకు సరిపడా తీపి అర గ్రాము సుక్రలోజ్‌తో వచ్చేస్తుంది. మరి ఖాళీ అయిన 300 గ్రాముల చోటును ఏదో ఒకటి నింపాలి. షుగర్ ఫ్రీ మిఠాయి కేలరీలన్నీ ఆ నింపిన దాంట్లోనే ఉంటాయి.

అర కిలో జీడిపప్పు, 300 గ్రాముల పంచదార, 25 గ్రాముల నెయ్యితో కాజూ బర్ఫీ చేశారనుకోండి. జీడిపప్పుకు 2,900, పంచదారకు 1,200, నెయ్యికి 225, మొత్తం 4,325 కేలరీలు. కొంత తడి నిలిచి బరువు 850 గ్రాముల దాకా వస్తుంది. 20 గ్రాముల ముక్కలు 42 వస్తాయి. ముక్కకు 103 కేలరీలు.

ఇప్పుడు పంచదార తీసేసి సుక్రలోజ్ మాత్రమే వేసి, చోటు నింపడానికి ఏమీ కలపకుండా చేద్దాం. మిగిలేది జీడిపప్పు, నెయ్యి, కాస్త తడి, 550 గ్రాములు. 3,125 కేలరీలు, 27 ముక్కలు. ముక్కకు 116 కేలరీలు. అదే సైజు ముక్క, పంచదార లేదు, కేలరీలు పెరిగాయి. గ్రాముకు పంచదార 4 కేలరీలిస్తే జీడిపప్పు దాదాపు 6 ఇస్తుంది. పంచదార తీసిన చోట జీడిపప్పే నిండింది కాబట్టి ఇలా వచ్చింది.

ఇంకో దారి మాల్టిటాల్. చక్కెర ఆల్కహాల్ అని పిలిచే జాతికి చెందినది. దీన్ని తాగే ఆల్కహాల్‌తో ముడిపెట్టనక్కర్లేదు. పంచదారలాగే గడ్డ కడుతుంది, కాబట్టి మిఠాయివాళ్లకు పని సులువు. పంచదారలో సగానికి కొంచెం పైగా, గ్రాముకు రెండు కేలరీల పైచిలుకు ఇస్తుంది. 300 గ్రాముల మాల్టిటాల్‌తో అదే బర్ఫీ చేస్తే మొత్తం 3,800 కేలరీల లోపు, ముక్కకు దాదాపు 90. ముక్కకు మిగిలింది 13 కేలరీలు. షుగర్ ఫ్రీ కదా అని ఒక ముక్క బదులు రెండు తిన్న క్షణంలో 103 బదులు 180 అవుతాయి. ఒకేసారి నాలుగు ముక్కలు తింటే 30 గ్రాముల దాకా మాల్టిటాల్ లోపలికి వెళ్తుంది. చిన్న పేగు దాన్ని పూర్తిగా పీల్చుకోదు. మిగిలింది పెద్ద పేగులో పులిసి గాలి చేరుతుంది, కొందరికి విరేచనాలూ అవుతాయి. పెళ్లి భోజనం తర్వాత షుగర్ ఫ్రీ స్వీట్లు తిని కడుపు ఉబ్బిందనేవాళ్ల విషయంలో ముందు అనుమానించాల్సింది దీన్నే.

"షుగర్ ఫ్రీ" అని రాయాలంటే 100 గ్రాముల పదార్థంలో చక్కెర అర గ్రాముకు మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. నెయ్యి గురించి, మైదా గురించి, మొత్తం కేలరీల గురించి ఆ మాట ఏమీ చెప్పదు. షుగర్ ఫ్రీ బిస్కెట్ల పొట్లం వెనక పోషక పట్టిక చూడండి. 100 గ్రాములకు 430, 450, ఒక్కోసారి ఇంకా పైన ఉంటుంది. పక్కనున్న మామూలు మారీ పొట్లం తిప్పి అదే గడి చూడండి. రెండింటి మధ్య తేడా ఎంత చిన్నదో కనిపిస్తుంది. చూడాల్సింది ముందు వైపు పెద్ద అక్షరాలను కాదు, వెనక వైపు "ఎనర్జీ" అన్న గడిని.

ఉత్తరాంధ్రలో ఇంకో నమ్మకం గట్టిగా ఉంది. పంచదార బదులు బెల్లం వాడితే ఒళ్లు రాదని. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పేరున్నది, మన వంటల్లో బెల్లానికి ఉన్న చోటు ఎవరూ తీసేయలేరు. ఆ రుచిని నేనూ ఇష్టపడతాను. కాని 100 గ్రాముల బెల్లంలో దాదాపు 380 కేలరీలుంటాయి, పంచదారలో దాదాపు 400. బెల్లం తీపి కాస్త తక్కువ కాబట్టి చాలామంది ఓ ముక్క ఎక్కువే వేస్తారు. దాంట్లో కాస్త ఇనుము, కొన్ని ఖనిజాలున్న మాట నిజమే, బరువు లెక్కలో మాత్రం రెండూ ఒకటే. పండగకు అరిసె తినాలనిపిస్తే ఒక్కటి, బెల్లంతో చేసిన అసలు అరిసె తిని ఆ పూట అన్నం తగ్గించుకోవడం మేలు. షుగర్ ఫ్రీ పేరుతో నాలుగు ముక్కలు తినడం కన్నా లెక్క తక్కువే అవుతుంది.

ఎంత వాడొచ్చు, ఎలా చూసుకోవాలి

భయం గురించి నాలుగు మాటలు. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఆస్పర్టేమ్‌ను "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో పెట్టింది. సాక్ష్యం పరిమితంగా ఉన్నప్పుడు పెట్టే జాబితా అది. అదే రోజు ఆహార సంకలనాలను చూసే ఇంకో నిపుణుల సంఘం రోజువారీ పరిమితిని మార్చకుండా కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల దగ్గరే ఉంచింది. 70 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాల డైట్ పానీయం తాగాలి. టీ బిళ్లలతో అంత దూరం వెళ్లం. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆస్పర్టేమ్ ముట్టకూడదు. మరిగే గిన్నెలో ఆస్పర్టేమ్ వేస్తే తీపి పోతుంది, కాబట్టి కప్పులో పోశాకే వేసుకోవాలి. సుక్రలోజ్ వేడికి అంతకన్నా తట్టుకుంటుంది. అయినా నూనెలో వేయించే, ఓవెన్‌లో కాల్చే పదార్థాల్లో వాడొద్దని జర్మనీ ఆహార భద్రతా సంస్థ 2019లో హెచ్చరించింది, ఎక్కువ వేడిలో హానికర పదార్థాలు ఏర్పడవచ్చని. టీకి ఆ బాధ లేదు.

బిళ్ల మీకు పని చేస్తోందా లేదా తెలుసుకోవడానికి ముందు ఒక వారం మామూలుగానే ఉండి, రోజుకు ఎన్ని చెంచాల పంచదార పడుతోందో గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. మూడు చెంచాలే తేలితే బిళ్ల మీద ఆశ పెట్టుకోవడం దండగ. అన్నం, నూనె, చిరుతిళ్ల వైపు చూడాలి. పది చెంచాలు దాటితే మార్చి చూడటం మంచిదే. మార్చాక నాలుగు వారాలు టీల సంఖ్య పెంచకండి, టీ పక్కన కొత్త తిండి పెట్టకండి. వారానికి మూడుసార్లు పొద్దున్నే లేవగానే ఒకే తూకం మీద బరువు చూసి సగటు రాసుకోండి. ఉప్పు, నీరు వల్ల రోజుకో అర కిలో అటూ ఇటూ అవుతుంది, కాబట్టి ఒక్క రోజు అంకెను నమ్మకండి. బొడ్డు దగ్గర నడుము కొలత నెలకోసారి చాలు. నాలుగో వారానికి సగటులో కదలిక లేకపోతే బిళ్లను తిట్టడానికి ముందు ఆ నెలలో టీ పక్కన ఏం చేరిందో చూడండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

షుగర్ జబ్బుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పంచదార ఒక్కసారిగా మానేసే ముందు డాక్టరుకు చెప్పాలి. మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే రక్తంలో చక్కెర పడిపోయిందన్నమాట. ఆ సమయంలో షుగర్ ఫ్రీ బిళ్లా, డైట్ కూల్‌డ్రింకూ ఎందుకూ పనికిరావు. మూడు నాలుగు చెంచాల అసలు పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంటకు చక్కెర పరీక్ష చేసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగించాలి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బిళ్లల డబ్బా జేబులో ఉన్నవాళ్ల దగ్గర నాలుగు గ్లూకోజ్ బిళ్లలు కూడా ఉండాలి, రెండూ వేర్వేరు జేబుల్లో.